వీడియో కింద చివరి వరస

మూడు రోజులకని చెప్పి పిచిక నాలుగు జతలు సర్దుతోంది.

పెద్దమ్మ మిషను ముందు కూర్చుని, చేతిలో ఉన్న కోటు మోచేతి చిరుగు మీద సూది ఆడిస్తూనే, ఓరకంట సంచి వైపు చూస్తోంది. నాలుగు జతలు. ఒక ఉన్ని శాలువా. ఫోను నిలబెట్టే మూడు కాళ్ల కర్ర. ఇంతవరకూ సరే. ఆ తరువాత పిచిక బీరువా పై అర నుంచి ప్లాస్టిక్ కవరు తీసింది. అందులో పుట్టిన తేదీ కాగితమూ, చిన్నప్పటి ఫోటో ఒకటీ ఉంటాయని పెద్దమ్మకు తెలుసు. ఆ కవరు పెట్టింది తనే.

"పనికి వెళ్లేదానివి, పుట్టిన కాగితం ఎందుకే?"

"అడుగుతారు పెద్దమ్మా. గుర్తింపు కావాలంటారు."

"గుర్తింపుకి నాలుగేళ్లప్పటి ఫోటో కావాలంటారా? ఇప్పటి మొహం చాలదూ?"

పిచిక నవ్వింది. ఆ నవ్వు పెదవుల దాకా వచ్చి ఆగిపోయింది. "నువ్వు పోలీసువి అవ్వాల్సింది. పొరపాటున రఫ్ఫు పనిలో పడ్డావు."

చిన్నప్పుడు నోరు మూయకుండా కిచకిచలాడేదని ఆ పిల్లకు పిచిక అని పేరు పెట్టింది పెద్దమ్మే. నెల రోజులుగా ఆ కిచకిచ లేదు. ఫోను మోగితే మేడ మీదకు వెళ్తోంది. మెసేజ్ వస్తే ఫోను బోర్లా పెడుతోంది. ఇరవై ఐదేళ్ల పిల్ల, ఎవరైనా అబ్బాయేమో అనుకుంది ముందు. కానీ అబ్బాయి కోసం ఎవరూ పుట్టిన కాగితం పట్టుకెళ్లరు.

ఇంతకు ముందూ ఒకసారి ఇలాగే సంచి సర్దడం చూసింది పెద్దమ్మ. ఇరవై ఒక్కేళ్ల కిందట. అప్పుడు సర్దింది చెల్లెలు. "మూడు నెలలే అక్కా, పెద్ద ఊళ్లో కుట్టు పని దొరికింది, నిలదొక్కుకుని పిల్లని తీసుకెళ్తా," అంది. నాలుగేళ్ల పిచిక అప్పుడు మిషను కింద కూర్చుని దారపు రీళ్లతో ఆడుకుంటోంది. అప్పటినుంచీ జిప్పు లాగిన చప్పుడు వింటే చాలు, పెద్దమ్మ చేతిలో సూది ఆగిపోతుంది.

"శుక్రవారం రాత్రికి వచ్చేస్తా. అన్నం టైముకి తిను," అంది పిచిక. జిప్పు లాగింది. వెళ్లింది.

* * *

ఇద్దరి బతుకూ రఫ్ఫు పని మీదే. సిగరెట్టు నిప్పు పడ్డ కోట్లు, ఎలకలు కొరికిన శాలువాలు, మేకు తగిలి చిరిగిన చీరలు వస్తాయి. ఆ బట్టలోనుంచే దారం లాగి, ఆ నేతలోనే మళ్లీ అల్లి, చిరుగు ఎక్కడుందో బట్ట సొంతదారుకే కనపడకుండా చేస్తుంది పెద్దమ్మ. రెండేళ్ల కిందట పిచిక ఆ చేతుల్ని వీడియో తీసి ఫోనులో పెట్టడం మొదలుపెట్టింది. మొహం ఉండదు. చేతులు, సూది, బట్ట, మీద రాత, అంతే. అవి చూసే ఊరూరి నుంచీ బట్టలు పార్సిల్ చేస్తున్నారు. పిచిక చేతికి ఇంకో విద్య కూడా అంటింది. బేకరీకి, బట్టల కొట్టుకి, ఆటోల మరమ్మతు షాపుకి వీడియోల కింద రాతలు, క్యాప్షన్లు, రాసి ఇస్తుంది.

ఆ రాతల దగ్గరే పెద్దమ్మకు పేచీ.

పెద్దమ్మ బడికి వెళ్లలేదు. చెల్లెలూ వెళ్లలేదు. ఇద్దరూ దర్జీ దగ్గర పనికి కుదిరిన రోజుల్లో పొట్లం కాగితాల మీద, కొట్ల బోర్డుల మీద ఉన్న అక్షరాల్ని బట్ట మీద సుద్దతో దిద్ది నేర్చుకున్నారు. దర్జీ కసిరితే చేత్తో తుడిచేసేవారు. అలా పట్టుపట్టి నేర్చుకున్న చదువు కాబట్టి, ఇప్పటికీ కనపడిన ప్రతి కాగితమూ చదువుతుంది. మందు సీసా చీటీ కూడా చివరిదాకా. అలాంటి మనిషి తన చేతుల కింద తన భాషలో రాసిన మాటల్ని చదవలేదు. అవన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటాయి.

"మాట మనది, బట్ట వాళ్లది ఏంటే?" అని అడిగింది మొదట్లో.

పిచిక ఓపిగ్గానే చెప్పింది. "ఒకే వీడియో రెండు రకాలుగా పెట్టి చూశాను పెద్దమ్మా. మన అక్షరాల్లో పెడితే తొమ్మిది వేల మంది చూశారు. ఇంగ్లీషు అక్షరాల్లో పెడితే అరవై వేలు. అందరి పేజీల్లోనూ ఇలాగే ఉంటుందని అనను. మనకైతే ఇలా వచ్చింది."

"ఎందుకట? ఆ యాభై వేల మందికి కళ్లు లేవా?"

"చాలామంది వేరే ఊళ్లలో పెరిగారు. ఇంట్లో మాట్లాడతారు, అక్షరాలు రావు. అక్షరాలు వచ్చినవాళ్లు కూడా వెతికేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లోనే కొడతారు. అలా కొట్టినవాళ్లకి మనం దొరకాలి కదా. ఇంకోటి, మన అక్షరానికి పైన గుడి ఉంటుంది, కింద ఒత్తు ఉంటుంది. చిన్న సైజులో, కదిలే బొమ్మ మీద పెడితే అలుక్కుపోయినట్టు కనిపిస్తాయి. పెద్దగా పెడితే నీ చేతులు కనపడవు. మొదట్లో వాడిన యాప్ అయితే ఒత్తుల్ని విడదీసి పక్కన పారేసేది. గుర్తుందా, నువ్వే తిట్టావు."

గుర్తుంది. అక్షరాలు కాళ్లు విరిగిన కుర్చీల్లా కనిపించాయి ఆ రోజు.

"మరి నాలాంటి వాళ్లు?"

"మీరు చేతులు చూస్తారుగా," అంది పిచిక.

ఆ జవాబు పెద్దమ్మకు ముల్లులా గుచ్చుకుంది. తీసినా నొప్పి పోలేదు.

* * *

పిచిక వెళ్లిన మధ్యాహ్నం కోటు పక్కన పెట్టి, పెద్దమ్మ తన పాత ఫోను తీసింది. గాజు మీద మూల నుంచి మూలకు గీత ఉంది. పేజీ తెరిచి, ఒక వీడియో కింద రాతను పూర్తిగా విప్పింది. తరువాత ఇంకోటి. ఇంకోటి.

ఆమెకు ఆ అక్షరాలు చీమల బారే. కానీ నేత చూడడం వచ్చిన కళ్లవి. ఏ దారం ఎక్కడ మునిగి ఎక్కడ తేలిందో పట్టుకోగలిగిన కళ్లు. నాలుగు వీడియోలు చూసేసరికి ఒకటి తెలిసింది. పై వరసలు ప్రతిదాంట్లోనూ వేరువేరుగా ఉన్నాయి. చివరి వరస మాత్రం అన్నిటికీ ఒకటే. అదే పొడవు, అవే వంపులు. పాతవి తిరగేస్తూ పోయింది. పోయిన ఏడాది నుంచీ ఆ వరస ఉంది. అంతకు ముందు లేదు.

పేజీ పేరా? పేరు పైన వేరేగా ఉంది. చిరునామానా? అందులో అంకెలు ఉండాలి, ఇందులో ఒక్కటీ లేదు. తనకు చదవడం రాదని తెలిసి, తన చేతుల కిందే ఏడాది పాటు ఒకే మాట రాస్తోందంటే, అది తన గురించే అయి ఉండాలి. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, తను చేసిన పాత తప్పు ఒకటి పెద్దమ్మకు చప్పున గుర్తొచ్చింది. ఆ తప్పు మిషను సొరుగులో, అడుగున, బొత్తాల డబ్బా కింద ఉంది. దాని వైపు చూడకుండా, పటాలు గీసే పల్చని కాగితం తీసింది. ఆ వరసను డిజైను దించినట్టు వంపు వంపుగా దించుకుంది. దించడానికి ముప్పావు గంట పట్టింది.

* * *

వీధి చివర జిరాక్సు కొట్టావిడ కాగితం అందుకుని, కళ్లజోడు పైకి తోసుకుంది.

"ఏంటిది పిన్నిగారూ, ముగ్గు వేశారా?"

"చదువు చూద్దాం."

"చూస్తే అర్థం కాదండీ ఇది. పైకి చదివితేనే అర్థమవుతుంది. ఇంగ్లీషు అక్షరాల్లో మన మాట ఇలాగే ఉంటుంది. ఎక్కడ సాగదీయాలో ఎక్కడ కుదించాలో మనమే పట్టుకోవాలి." ఆవిడ వేలు పెట్టి, పెదవులు కదుపుతూ, ఎక్కాలు వల్లించే పిల్లలా మొదలుపెట్టింది. "అ... అమ్మ... అమ్మా. ఈ కుట్టు నీ... నీదే. నేను నీ పిచి... పిచికని. ఎక్కడున్నా ఒక్క మాట రాయి."

కొట్లో మిషను కాగితాలు కక్కుతోంది. పెద్దమ్మకు ఆ చప్పుడు దూరమైపోయింది. చీమలన్నీ ఒక్కసారి నోరు తెరిచి తన ఇంటి మాటే మాట్లాడాయి. ఇంత తేలికైన మాట. చెవికి ఇంత దగ్గరి మాట. కంటికి మాత్రం తాళం వేసి ఉంచింది పిల్ల.

"మీ పిచిక వాళ్ల అమ్మని వెతుకుతోందా?" జిరాక్సు ఆవిడ గొంతు తగ్గింది. "మీకు చెప్పలేదా?"

"చెప్పింది," అంది పెద్దమ్మ. అబద్ధం. "అక్షరం సరిగ్గా ఉందో లేదో అడుగుదామని వచ్చాను. దీని కింద జనం రాసినవి కూడా చూడు."

ఆవిడ ఫోను తీసుకుని కిందకు జరుపుతూ పోయింది. "బాగుంది అంటున్నారు... దారం ఎక్కడ దొరుకుతుంది అంటున్నారు... ఇదిగో, ఇది వేరేలా ఉంది. చూశాను నా తల్లీ, నీ చేతి మీద మచ్చ చూసి గుర్తుపట్టాను, నీ అమ్మనే, లోపల మెసేజ్ పెట్టాను, చూడు. నెల అయింది రాసి." ఆవిడ తలెత్తింది. "పిన్నిగారూ! దొరికిందండీ!"

"ఇది కూడా ఆ అక్షరాల్లోనే ఉందా?"

"అవునండీ. ఎంత గబగబా రాసిందో, రోజూ రాసే చేయిలా ఉంది."

పెద్దమ్మ కాగితం మడిచి రవికలో పెట్టుకుని ఇంటిదారి పట్టింది. సగం దారిలో మందుల షాపు మెట్ల మీద కూలబడింది. చెల్లెలు బతికే ఉంది. పిచిక దాని దగ్గరికే వెళ్లింది. అందుకే పుట్టిన కాగితం. అందుకే చిన్నప్పటి ఫోటో. ఇక రాదు. శుక్రవారం రాత్రి అన్నం ఒక్క కంచంలోనే.

తన చెల్లెలు బతికి ఉందంటే ముందు ఏడుపు రావాలి కదా, ముందు ఈ లెక్క ఎందుకొచ్చింది? ఆ సిగ్గులోనే, బట్టలో తప్పు దారం తగిలినట్టు, ఒకటి వేలికి తగిలింది. గబగబా రాసిందట. ఇంగ్లీషు అక్షరాల్లో.

చెల్లెలికి ఆ అక్షరాలు రావు. ఒక్కటీ రాదు. చొక్కా కాలరు మీద సైజు కూడా అంకెల్లోనే చూసేది. మిషను మీద కంపెనీ పేరును "ఆ తోకలున్నవి" అనేది. అక్కాచెల్లెళ్లిద్దరిదీ ఒకే చదువు. పొట్లం కాగితాల చదువు. పిచికకు ఆ సంగతి తెలియదు. అమ్మ వెళ్లేనాటికి దానికి అక్షరాలే తెలియవు. పెద్దమ్మ చదవకూడదని ఎంచుకున్న గీతలు అమ్మకూ చీమల బారేనని ఆ పిల్లకు ఎలా తెలుస్తుంది? అరవై వేల మందికి చేరింది ఆ వరస. చేరవలసిన ఒక్క మనిషికి చేరే దారే లేదు.

మరి రాసింది ఎవరు? మచ్చ చూసి గుర్తుపట్టిందట. ఇస్త్రీపెట్టె కాలి ఆ మచ్చ పిచికకు పడింది ఎనిమిదో ఏట. వాళ్లమ్మ వెళ్లిన నాలుగేళ్లకు. వీడియోల్లో బట్ట పట్టుకునే చేయి పిచికదే, మచ్చ లోకమంతా చూసింది.

* * *

ఫోను ఆరుసార్లు మోగాక ఎత్తింది పిచిక. వెనక బస్సుల హారన్లు.

"ఎక్కడున్నావే?"

"పనిలో."

"పనిలో బస్సులు అరుస్తాయా? వెళ్లకు పిచికా. అది మీ అమ్మ కాదు."

అటువైపు నుంచి గొంతు గట్టిపడి వచ్చింది. "నా ఫోను చూశావా?"

"నా ఫోనులోనే చూశాను. చదివించుకున్నాను. మీ అమ్మకి ఆ అక్షరాలు రావే."

"ఇరవై ఏళ్లలో నేర్చుకుని ఉండకూడదా? ఇప్పుడు అందరూ ఫోనులో అలాగే రాస్తారు. నీకు రావు కాబట్టి ఎవరికీ రావనుకుంటే ఎలా?" పిచిక ఆగింది. "నీకు ఇష్టం లేదు పెద్దమ్మా. అమ్మ మాట ఎత్తితే చాలు, చిన్నప్పటినుంచీ నీ మొహం మారిపోతుంది. అందుకే నీకు రాని అక్షరాల్లో రాశాను."

"మచ్చ నీకు ఎనిమిదో ఏట పడిందే..."

"ఏదో మచ్చ అనుకుని ఉంటుంది. చిన్నప్పుడు నాకు వేరే దెబ్బలే తగల్లేదా?"

పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతోంది. కళ్లు తెరిపించాలంటే సొరుగు తెరవాలి. పెద్దమ్మ మిషను వైపు చూసింది. ఆ బొత్తాల డబ్బా ఎత్తితే ఈ పిల్ల తనకు మిగలకపోవచ్చు. ఎత్తకపోతే ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి చేతుల్లో పడుతుంది.

"మీ అమ్మ చేతిరాత నా దగ్గర ఉంది," అంది పెద్దమ్మ. "వెళ్లిన ఏడాదిన్నరకి ఉత్తరం రాసింది. నీకు చూపించలేదు."

అటువైపు ఒక బస్సు వచ్చి, ఆగి, వెళ్లిపోయిన చప్పుడు.

"ఆ మనిషిని ఒక్కటి అడుగు," అంది పెద్దమ్మ మళ్లీ. "మన అక్షరాల్లో, చేత్తో, కాగితం మీద నీ పేరు రాసి ఫోటో తీసి పంపమను. నేను నీకు ఇటు ఉత్తరం ఫోటో పంపుతా. రెండూ పక్కపక్కన పెట్టుకుని చూసుకో. ఆ తరువాత నీ ఇష్టం."

పిచిక ఫోను పెట్టేసింది.

పెద్దమ్మ ఉత్తరం తీసి మిషను మీద పరిచి ఫోటో తీసింది. రెండుసార్లు మసకగా వచ్చింది. మూడోది పంపింది. పంపాక గుమ్మంలో కూర్చుంది. వచ్చేపోయే ప్రతి ఆటో తన గుమ్మం ముందే నెమ్మదిస్తున్నట్టు అనిపించింది. ఏదీ ఆగలేదు.

* * *

చీకటి పడే వేళకు ఒకటి ఆగింది. పిచిక దిగింది, సంచి భుజాన వేలాడుతోంది. లోపలికి వచ్చి, చెప్పులు విప్పకుండానే స్టూలు మీద కూర్చుంది.

"చేత్తో రాయమన్నాను," అంది గోడ వైపు చూస్తూ. "ఐదు నిమిషాల్లో మన అక్షరాల్లో పంపింది. అచ్చు అక్షరాలు. ఫోనులో ఇంగ్లీషులో కొడితే మనవిగా మారిపోతాయి, అవి. చేత్తో అని మళ్లీ అడిగాను. వేలికి దెబ్బ తగిలిందంది. మరి కొడుతున్నది ఏ వేలితో?"

పెద్దమ్మ గ్లాసులో నీళ్లు పోసింది.

"అయినా వెళ్లాను. రోడ్డుకి ఇవతలే నిలబడ్డాను. రమ్మన్న హోటలు ముందు ఇద్దరు మగవాళ్లు కెమెరా నిలబెడుతున్నారు. ఒకావిడ కుర్చీలో కూర్చుని ఉంది. ఒకడు ఆవిడకి ఎటు నుంచి లేచి ఎటు పరిగెత్తాలో చూపిస్తున్నాడు. ఆవిడ రెండుసార్లు లేచింది, రెండుసార్లు చేతులు చాచింది, మళ్లీ కూర్చుని టీ తాగింది. పక్క కొట్టులో అడిగాను, విడిపోయినవాళ్లని కలిపే వీడియోలు తీసే పేజీ అట వాళ్లది. వాటిని లక్షల మంది చూస్తారు." పిచిక పెదవి వంకర పోయింది. "నన్ను వాళ్ల దాకా చేర్చింది నేను రాసిన ఇంగ్లీషు అక్షరాలే. బాగా చేరుతుందని నేనే అన్నాను కదా."

"నీళ్లు తాగు."

"ఉత్తరం ఇవ్వు."

పెద్దమ్మ ఇచ్చింది. పిచిక ఫోటోలో చదివిందే మళ్లీ చదివింది. సుద్దతో నేర్చుకున్న చేతి అక్షరాలు, పెద్దవిగా, ఒక్కోటి విడివిడిగా. *అక్కా, నాకు పర్మనెంటు పని దొరికింది. ఉండడానికి గది ఇచ్చారు. పిల్లని తీసుకెళ్లడానికి వస్తాను. ఎప్పుడు రమ్మంటావో రాయి. పిచిక నన్ను అడుగుతోందా?*

"కవరు ఏది? అడ్రసు?"

"పొయ్యిలో వేశాను. ఉత్తరం వేయబోతే చేయి రాలేదు."

"జవాబు?"

"రాయలేదు. రెండు నెలల్లో గది మారాను." పెద్దమ్మ తన చేతుల వైపు చూసుకుంది. "అప్పటికి నువ్వు నన్ను పట్టుకునే నిద్రపోయేదానివి."

పిచిక ఆ రాత్రి సంచి విప్పలేదు. తలుపు పక్కనే ఉంచింది. ఉదయం లేవగానే పెద్దమ్మ కళ్లు ముందు అక్కడికే వెళ్లాయి. సంచి ఉంది. మనిషి కూడా ఉంది, మిషను ముందు ఫోను నిలబెడుతోంది.

"రా, కూర్చో. కోటు పట్టుకో," అంది పొడిగా. "అమ్మకి ఏ అక్షరాలు వచ్చో ఆ అక్షరాల్లోనే పెడదాం."

* * *

ఆ వీడియో చేయడానికి రోజంతా పట్టింది. పిచిక తెలుగు అక్షరాలు పెద్ద సైజులో పెట్టింది. ఒక్కసారికి నాలుగు మాటలు మించనివ్వలేదు. వరసకూ వరసకూ మధ్య ఒత్తులు గుడులు తగులుకోకుండా చోటు విడిచింది. అక్షరాల వెనక నల్ల పట్టీ వేసింది. పెద్దమ్మ గీత పడ్డ ఫోనులో, కళ్లజోడు లేకుండా చదివి, "ఇది ఉండనీ, ఇది పరిగెడుతోంది" అంటూ ఒక్కో వరసా ఎంతసేపు నిలవాలో చెప్పింది. చివర ఉత్తరంలోని మొదటి వరస ఫోటో, దాని కింద: *ఈ చేతిరాత ఎవరిదో తెలిసినవాళ్లు చెప్పండి. ఈమె నా తల్లి. బట్టలు కుట్టేది.*

మొదటి రోజు చూసింది పదకొండు వందల మంది. వారానికి నాలుగు వేలు. "చూశావా," అనలేదు పిచిక. పెద్దమ్మా అడగలేదు. కానీ కింద రాసేవాళ్లు మారారు. ఇంతకాలం ఒక్క మాట రాయనివాళ్లు తెలుగులో రాశారు. *అమ్మా, ఇన్నాళ్లకి చదవగలిగాను. నేను కూడా మిషను కుడతాను. నిదానంగా చూపించినందుకు సంతోషం.* పెద్దమ్మ ప్రతిదీ చదివింది. ప్రతిదాని వెనకా కెమెరా ఉందేమో అని చూసింది.

తొమ్మిదో రోజున ఒక ఆడమనిషి రాసింది. చిన్న చిన్న మాటలు, మధ్యలో చుక్కలు లేవు. పెద్దాస్పత్రిలో దుప్పట్లు కుట్టే గదిలో పనిచేసి మానేసిందట. ఈ చేతిరాత తనకు తెలుసట.

"వేలికి దెబ్బ తగిలిందేమో అడుగు," అంది పెద్దమ్మ.

అడగకముందే ఫోటో వచ్చింది. ఆస్పత్రి దుప్పటి మూల. ఎర్ర దారంతో కుట్టిన వార్డు పేరు, పెద్ద అక్షరాలు, ఒక్కోటి విడివిడిగా, సుద్దతో దిద్దినట్టు. పెద్దమ్మ ఫోను దగ్గరకు తెచ్చుకుంది. ఆ "ర" కింద గుండ్రంగా చుట్టుకునే ముడి తను చూపించినదే, పొట్లం కాగితాల రోజుల్లో. అనుమానించడానికి ఏమీ మిగల్లేదు. అనుమానం ఉన్నంతసేపూ ఏదో ఒకటి పట్టుకుని నిలబడ్డట్టే ఉండింది. ఇప్పుడు చేతులు ఖాళీ.

పిచిక ఫోను చేసి స్పీకరులో పెట్టింది. రాసిన ఆవిడ ముసలి గొంతు గట్టిగా, చెవుడు ఉన్నవాళ్ల గొంతులా వచ్చింది.

"మీ పేజీ నాకు తెలుసమ్మా. ఏడాది నుంచీ వస్తోంది. ఆ చేతులు చూసి ఆగేదాన్ని. ఆ ముడి నాతో కుట్టిన మా దానిదే అనుకునేదాన్ని. కింద ఏదో ఇంగ్లీషు ఉండేది. మనకెందుకులే అని తోసేసేదాన్ని."

"మా అమ్మ..."

"నీకు ఉత్తరాలు రాసేదమ్మా. అన్నీ తిరిగొచ్చేవి, ఆ మనుషులు అక్కడ లేరని. ఒకసారి తనే వెళ్లి చూసొచ్చింది, ఆ గదిలో వేరేవాళ్లున్నారట. ఒక రేకు పెట్టెలో పెట్టుకునేది. ఫోనులో రాయడం నేర్చుకోవే అంటే, నాకు నా అక్షరాలే చాలు అనేది. పెట్టె నా దగ్గరే ఉంది. వచ్చి తీసుకెళ్లు."

* * *

తలుపు పక్కనున్న సంచి పిచిక మళ్లీ సర్దింది. ఈసారి రెండు జతలే. పెద్దమ్మ లెక్కపెట్టింది. రెండు జతలంటే తిరిగి వచ్చే లెక్కా, లేక ఇక్కడివి ఏవీ వద్దనుకున్న లెక్కా?

"నన్ను తీసుకెళ్లవా?" అంది.

"ఈసారికి వద్దు పెద్దమ్మా." పిచిక జిప్పు లాగింది. గుమ్మం దాటి, వెనక్కి తిరిగింది. "ఆ కోటు పూర్తిచెయ్యి. ఎల్లుండి పార్సిల్ కట్టాలి."

ఆ మాటను పెద్దమ్మ రెండు రోజులు తిప్పి తిప్పి చూసుకుంది. కట్టాలి అంది. ఎవరు కట్టాలి? నువ్వు కట్టాలి అనా, నేను వచ్చి కడతా అనా? కోటు మోచేయి నేత కలిసిపోయింది. చిరుగు ఎక్కడుందో తనకే కనపడలేదు.

పిచిక మూడో రోజు పొద్దున్నే వచ్చింది, రేకు పెట్టెతో. పార్సిల్ కట్టింది. పెట్టెలో పదిహేడు ఉత్తరాలున్నాయి, అన్నీ పెద్దమ్మ పాత గది చిరునామాకు రాసినవి. ఇద్దరూ రోజుకొకటి చదువుకున్నారు. పిచిక పైకి చదివేది, పెద్దమ్మ పక్కనుంచి అక్షరాల వెంట కళ్లు నడిపేది. మధ్యలో పిచిక ఆగిపోతే అక్కడినుంచి పెద్దమ్మ అందుకునేది. పిచిక ఆమెను క్షమించానని అనలేదు. పెద్దమ్మ అడగలేదు. ఇప్పుడు పేజీలో బొమ్మ మీద తెలుగు అక్షరాలు ఉంటాయి, కింద క్యాప్షన్‌లో అదే మాట ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటుంది, మన అక్షరాలు రానివాళ్ల కోసం. చివరి వరస తీసేశారు.

పెద్దమ్మ చెల్లెలు తిరిగి రాలేదు. ఇరవై ఒక్కేళ్ల కిందట, ఒక మంగళవారం పొద్దున ఆరున్నరకు వెళ్లింది. నాలుగేళ్ల కిందట, నవంబరు పన్నెండున, ఆ ఆస్పత్రిలోనే పోయింది.